కవర్ లెటర్‌లో మేనేజర్ ఇంటిపేరు తప్పు పడితే: క్షమాపణ పంపాలా, సరిచేసిన ప్రతి పంపాలా, ఊరుకోవాలా

ఉద్యోగానికి పంపిన కవర్ లెటర్‌లో, దానిని చదివి నిర్ణయం తీసుకోవలసిన మేనేజర్ ఇంటిపేరే తప్పుగా రాశామని ఆలస్యంగా గమనించిన అభ్యర్థికి ప్రధానంగా నాలుగు దారులు ఉంటాయి. వెంటనే రెండు మూడు వాక్యాల క్షమాపణను విడిగా పంపవచ్చు. సరిచేసిన కవర్ లెటర్‌ను జతచేసి, ఆ ఈమెయిల్‌లోనే ఒక వాక్యంలో క్షమాపణ చెప్పవచ్చు. ఇప్పుడేమీ రాయకుండా, ఆ మేనేజర్‌తో సహజంగా జరిగే తరువాతి ఉత్తరప్రత్యుత్తరంలో ఆ మాట చేర్చవచ్చు. లేదా ఆ తప్పు గురించి ఎన్నడూ ప్రస్తావించకుండా, ఇకపై పేరును సరిగా రాస్తూ పోవచ్చు. ఈ నాలుగింటిలో ఏదీ అన్ని వేళలా సరైనది కాదు. నా అభిప్రాయంలో ఎంపికను నిర్ణయించవలసినవి మూడు విషయాలు: ఉత్తరం ఎవరి చేతికి ఏ దారిలో చేరింది, తప్పు ఎలాంటిది, అది పంపి ఎంత సమయం గడిచింది. అభ్యర్థికి కలిగిన సిగ్గు ఎంత తీవ్రమైనదన్నది ఈ లెక్కలోకి రాకూడదు, ఎందుకంటే ఆ సిగ్గు రాయించే ఉత్తరాలే సాధారణంగా అసలు తప్పుకంటే ఎక్కువ నష్టం చేస్తాయి.

ముందుగా: అది నిజంగా తప్పేనా, సరైన రూపం ఏది

ఏ దారి ఎంచుకునే ముందైనా సరైన స్పెల్లింగ్‌ను నిర్ధారించుకోవాలి. ఈ పని చేయకుండా క్షమాపణ రాసినవారు రెండోసారి కూడా తప్పు రాసే ప్రమాదం ఉంది, మొదటి తప్పును చూసీ చూడనట్టు వదిలివేయగల మేనేజర్ కూడా రెండోదాన్ని వదలడం కష్టం. ఒకే ఉచ్చారణ ఉన్న ఇంటిపేరును ఇంగ్లీషు అక్షరాలలో కుటుంబానికొక తీరుగా రాస్తారు. ఉదాహరణకు `Choudhury`, `Choudhary`, `Chaudhari`, `Chowdary` అన్నవి చెవికి దాదాపు ఒకేలా వినిపించినా, ఆ ఇంటివారికి అవి వేరువేరు పేర్లే. అందువల్ల మనకు అలవాటైన రూపమో, ఎక్కువమంది రాసే రూపమో ఇక్కడ ఆధారం కాదు. ఆ వ్యక్తి తన పేరును తాను ఎలా రాసుకుంటారన్నదే ఆధారం.

ఇందుకు అన్నిటికంటే నమ్మదగినది ఆ మేనేజర్ స్వయంగా పంపిన ఈమెయిల్ చివర ఉండే సంతకం. అది లేకపోతే సంస్థ వెబ్‌సైట్‌లో ఉద్యోగుల పరిచయ పేజీని, ఆ వ్యక్తి స్వయంగా నిర్వహించే లింక్డ్‌ఇన్ పేజీని చూసి, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చుకోవాలి. ఉద్యోగ ప్రకటనను మరొకరు టైపు చేసి ఉండవచ్చు కనుక అందులోని రూపం ఒక్కదాన్నే నమ్మడం మంచిది కాదు. ఈమెయిల్ చిరునామాను బట్టి ఇంటిపేరును ఊహించడం మరీ ప్రమాదం, ఎందుకంటే చిరునామాలలో పేర్లను కుదించడం, అక్షరాలపై ఉండే గుర్తులను తీసివేయడం మామూలే; `mueller` అని చిరునామా ఉన్నవారు సంతకంలో `Müller` అని రాసుకోవచ్చు. పైగా కొన్ని సంప్రదాయాలలో ఇంటిపేరు ముందు వస్తుంది, కొన్నింటిలో చివర వస్తుంది, కొందరికి రెండు పదాల ఇంటిపేరు ఉంటుంది. ఏ భాగం ఇంటిపేరో తెలియకపోతే క్షమాపణలో పూర్తి పేరును రాయడమే క్షేమం. సరైన రూపం దొరికాక దానిని చూసి టైపు చేయకుండా, ఆ సంతకం నుంచి కాపీ చేసి అతికించాలి. చూసి టైపు చేసే వేళ కళ్ళు తమకు అలవాటైన రూపాన్నే చదువుతాయి, ఫోన్‌లోని కీబోర్డు కూడా తనకు తెలిసిన పదంగా మార్చివేస్తుంది.

పంపిన క్షణంలోనే తప్పు కంటబడితే మరొక మార్గం ఉంది, కానీ దాని పరిధి చాలా చిన్నది. జీమెయిల్‌లో పంపినదాన్ని వెనక్కు తీసుకునే వ్యవధి 5, 10, 20 లేదా 30 సెకన్లు మాత్రమే, అదీ సెట్టింగులలో మనం ముందుగా ఎంచుకున్నంత. ఔట్‌లుక్‌లోని వెనక్కు పిలిచే సదుపాయం పంపినవారూ అందుకున్నవారూ ఒకే సంస్థ మెయిల్ వ్యవస్థలో ఉన్నప్పుడే పనిచేస్తుంది. బయటి నుంచి దరఖాస్తు చేసే అభ్యర్థికి అది దాదాపుగా ఉపయోగపడదు. ఉద్యోగి తన సంస్థలోనే మరొక విభాగానికి దరఖాస్తు చేసిన సందర్భంలో అది పనిచేయవచ్చు గాని, వెనక్కు తీసుకునే ప్రయత్నం జరిగిందన్న సంగతి అవతలివారికి తెలిసే అవకాశం ఉంది కనుక, అక్కడ కూడా నేరుగా క్షమాపణ చెప్పడమే మర్యాదగా ఉంటుంది.

మేనేజర్‌కు నేరుగా ఈమెయిల్ పంపినప్పుడు

చిన్న క్షమాపణ అన్నిటికంటే బాగా పనిచేసే సందర్భం ఇదే. ఉత్తరం ఒక మనిషి పేరున, ఆ మనిషి ఇన్‌బాక్స్‌కే వెళ్ళింది. తన పేరును తప్పుగా చూసేది ఆ మనిషే. సరిదిద్దే మాట కూడా అదే దారిలో, మధ్యవర్తి లేకుండా చేరుతుంది. తప్పు గమనించింది అదే రోజైనా, మరుసటి పనిదినమైనా, నా సలహా రెండో దారి: సరిచేసిన ప్రతిని జతచేసి, ఒక వాక్యంలో క్షమాపణ చెప్పడం. విడిగా క్షమాపణ మాత్రమే పంపితే, మేనేజర్ ఆ ఉత్తరాన్ని నియామక బృందంలో ఇతరులకు పంపవలసి వచ్చినప్పుడు తన పేరు తప్పుగా ఉన్న ప్రతినే పంపవలసి వస్తుంది. సరైన ప్రతి చేతిలో ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. కవర్ లెటర్ అటాచ్‌మెంట్‌గా కాకుండా ఈమెయిల్‌లోనే రాసి ఉంటే మాత్రం జతచేయడానికి ఏమీ ఉండదు కనుక, విడి క్షమాపణ చాలు. ఉత్తరం మొత్తాన్ని మళ్ళీ అతికించి పంపనవసరం లేదు.

ఒక సందర్భాన్ని పూర్తిగా చూద్దాం. సాంకేతిక పత్రాలను సరిదిద్దే ఎడిటర్ ఉద్యోగానికి ఒక అభ్యర్థి ఉదయం 10 గంటలకు మేనేజర్‌కు నేరుగా ఈమెయిల్ పంపి, కవర్ లెటర్‌ను పీడీఎఫ్‌గా జతచేశారనుకుందాం. మేనేజర్ ఇంటిపేరు `Choudhury`; అభ్యర్థి రాసినది `Choudhary`. మధ్యాహ్నం 3 గంటలకు సంస్థ పేజీని మళ్ళీ చూస్తున్నప్పుడు ఈ తేడా కంటబడింది. ఎడిటర్ ఉద్యోగం కావడం వల్ల ఈ ఒక్క అక్షరానికి మామూలుకంటే ఎక్కువ బరువు ఉంది, ఎందుకంటే అక్కడ చేయవలసిన పనే అక్షరాల తేడాలను పట్టుకోవడం. అలాంటి ఉద్యోగాలలో తప్పును తామే గుర్తించి సరిదిద్దడం ఆ పనిలో భాగంగానే కనిపిస్తుంది కనుక, ఊరుకోవడం కంటే చెప్పడమే మేలు. కంగారులో రాసిన మొదటి చిత్తుప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది:

> Choudhury గారికి నమస్కారం. ఈ ఉదయం పంపిన కవర్ లెటర్‌లో మీ ఇంటిపేరును Choudhary అని రాసినందుకు ఎంతో సిగ్గుపడుతున్నాను. నిజానికి నేను ఇలాంటి తప్పులు చేసే మనిషిని కాదు. రాత్రి పొద్దుపోయే వరకు మేలుకొని రాయడం వల్ల, ఫోన్ దానంతట అదే అక్షరాన్ని మార్చడం వల్ల ఇలా జరిగింది. దయచేసి దీనిని బట్టి నా అర్హతలను అంచనా వేయవద్దని వేడుకుంటున్నాను. మీరు ఏమీ అనుకోలేదని ఒక్క మాట రాస్తే నాకు ఊరటగా ఉంటుంది.

ఇందులో ప్రతి వాక్యమూ నిజాయితీగా రాసినదే. అయినా ప్రతి వాక్యం మేనేజర్‌పై ఒక కొత్త భారం వేస్తోంది. తప్పు రూపాన్ని మళ్ళీ రాయడం వల్ల ఆ వ్యక్తి తన పేరును రెండోసారి తప్పుగా చదవవలసి వచ్చింది. ఏ పేరు తప్పిందో ఆమెకో ఆయనకో వివరించి చెప్పనవసరం లేదు. తాను ఇలాంటి తప్పులు చేసే మనిషిని కానన్న మాటకు ఎదుట కనిపిస్తున్న ఆధారం ఆ ఒక్క తప్పే కనుక, ఆ మాట నిలవదు. రాత్రి మేలుకోవడం, ఫోన్ మార్చడం అన్న రెండు కారణాలు చెప్పేసరికి బాధ్యత వేరొకరికి నెట్టినట్టవుతుంది, పైగా ఉత్తరాన్ని పంపే ముందు మళ్ళీ చదవలేదన్న సంగతి బయటపడుతుంది. అర్హతలను అంచనా వేయవద్దని వేడుకోవడం, మేనేజర్ బహుశా చేయని ఆలోచనను మనమే ఆయన ముందు పెట్టడం. చివరి వాక్యం అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది కలిగించేది: అది జవాబు అడుగుతోంది. ఎన్నో దరఖాస్తులు చదువుతున్న మేనేజర్ ఒక అభ్యర్థిని ఓదార్చడానికి ఉత్తరం రాయవలసిన పరిస్థితి కల్పించకూడదు, ఎందుకంటే నియామకం ముగియకముందు అభ్యర్థికి ఊరటనిచ్చే మాట రాయడానికి చాలామంది మేనేజర్లు వెనకాడతారు కూడా.

ఇవన్నీ తీసివేస్తే మిగిలేది ఇంత:

> Choudhury గారికి నమస్కారం.
>
> ఎడిటర్ ఉద్యోగానికి ఈ ఉదయం పంపిన కవర్ లెటర్‌లో మీ ఇంటిపేరును తప్పుగా రాశాను. అందుకు క్షమించండి. సరిచేసిన ప్రతిని దీనితో జతచేస్తున్నాను. అందులో మరే మార్పూ లేదు.
>
> ఇట్లు,
> (అభ్యర్థి పూర్తి పేరు, ఫోన్ నంబరు)

ఇందులో నాలుగు పనులు జరిగాయి: తప్పు ఏమిటో చెప్పారు, క్షమించమని అడిగారు, సరిచేశారు, చదివేవారికి అదనపు పని లేదని తెలియజేశారు. చివరిదైన "మరే మార్పూ లేదు" అన్న మాటను చాలామంది వదిలివేస్తారు గాని, నాకు అది క్షమాపణ అంత ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఆ మాట లేకపోతే మేనేజర్ రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకాలా అన్న సందేహంలో పడతారు. అయితే ఆ మాట రాసినవారు దానికి కట్టుబడాలి. ఎలాగూ మళ్ళీ పంపుతున్నాం కదా అని మూడో పేరాను మెరుగుపరచడం, ఒక కొత్త అనుభవాన్ని చేర్చడం మొదలుపెడితే, క్షమాపణ అన్నది రెండో దరఖాస్తు పంపడానికి సాకుగా మారుతుంది. "క్షమించండి" అన్న ఒక్క మాటకు "మనస్ఫూర్తిగా", "ఎంతగానో" వంటి క్రియావిశేషణాలు తగిలించవలసిన అవసరం కూడా ఇంత చిన్న తప్పులో లేదు. తప్పు పరిమాణానికి తగినంతగానే క్షమాపణ ఉన్నప్పుడు చదివేవారు దాన్ని సులభంగా స్వీకరించి ముందుకు వెళతారు.

పంపే తీరులో కూడా కొన్ని మెలకువలున్నాయి. కొత్త ఈమెయిల్ మొదలుపెట్టకుండా, పంపిన ఉత్తరాన్నే తెరిచి దానికి జవాబుగా రాస్తే రెండూ ఒకే వరుసలో కనిపిస్తాయి, మేనేజర్ పాతదాన్ని వెతుక్కోనవసరం లేదు. కొన్ని మెయిల్ ప్రోగ్రాములలో మనం పంపినదానికే జవాబు నొక్కితే గ్రహీత స్థానంలో మన చిరునామాయే వస్తుంది కనుక, ఆ గడిని ఒకసారి చూసుకోవాలి. ఆ మేనేజర్ పేరును మన కాంటాక్ట్ జాబితాలో తప్పుగా భద్రపరచి ఉంటే, చిరునామా పక్కన ఆ తప్పు రూపం కూడా ఉత్తరంతో పాటు వెళ్ళి అవతలివారికి కనిపించవచ్చు. ముందు దాన్ని సరిచేయాలి. సబ్జెక్ట్ లైన్‌లో క్షమాపణ అన్న మాట చేర్చవద్దు. పేరు పక్కన ఆ మాట చూస్తే దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నారేమో అనిపించే అవకాశం ఉంది.

సరిచేసిన ప్రతిలో తప్పు పూర్తిగా పోయిందో లేదో చూడడం మరొక ముఖ్యమైన పని. సంబోధనలో ఉన్నదాన్ని సరిచేసి, చివరి పేరాలో "మీ బృందంలో" అన్నచోట మళ్ళీ వాడిన ఇంటిపేరును మరచిపోవడం తరచుగా జరుగుతుంది. వెతికేటప్పుడు తప్పు రూపం మొత్తాన్ని కాకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలను మాత్రమే, ఈ ఉదాహరణలో `Chou` అని వెతకాలి. అప్పుడే వేరొక తీరులో తప్పిన రూపాలు కూడా దొరుకుతాయి. మొదటి అక్షరాలే తప్పి ఉండే అవకాశం ఉన్న పేరైతే ఉత్తరాన్ని మెల్లగా బయటికి చదువుకోవడం తప్ప దారి లేదు. ఫైలు పేరులో ఇంటిపేరు ఉంటే అదీ మార్చాలి. పీడీఎఫ్‌లో కనిపించని చోటు ఒకటుంది: పత్రం వివరాలలో శీర్షిక అనే గడి. కవర్ లెటర్‌ను "ఫలానా గారికి ఉత్తరం" అన్న శీర్షికతో భద్రపరచి ఉంటే, బ్రౌజర్‌లో తెరిచినప్పుడు ట్యాబ్‌పై ఆ పాత శీర్షికే కనిపించవచ్చు. అందువల్ల కొత్త పీడీఎఫ్‌ను పంపే ముందు ఒకసారి బ్రౌజర్‌లో తెరిచి పైన ఏముందో చూడాలి.

తప్పు ఎలాంటిదన్నది ఎంపికను ఎలా మారుస్తుంది

ఒక అక్షరం తారుమారైన తప్పు, పేరే మారిపోయిన తప్పు ఒకటి కావు. మొదటిది చదివేవారు టైపింగ్ పొరపాటుగా తీసుకుంటారు. రెండోది, ముఖ్యంగా మరో సంస్థకు రాసిన ఉత్తరంలోని మేనేజర్ పేరు అలాగే ఉండిపోయినప్పుడు, ఈ ఉత్తరం తమ కోసం రాసినది కాదన్న అభిప్రాయం కలిగిస్తుంది. అలాంటప్పుడు పేరు ఒక్కటే మార్చి పంపడం చాలదు; ఉత్తరం మొత్తాన్ని చదివి, పాత సంస్థ గురించిన మాటలు, ఉద్యోగం పేరు, తేదీ కూడా అక్కడివేనేమో చూడాలి. ఇక్కడ మాత్రం "మరే మార్పూ లేదు" అనడానికి వీలు లేకపోవచ్చు, అప్పుడు "మీ సంస్థకు సంబంధించిన రెండో పేరాను కూడా సరిచేశాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వేరే సంస్థకు కూడా దరఖాస్తు చేశామన్న వివరణ అడగకుండానే ఇవ్వనవసరం లేదు, అది మేనేజర్‌కు ఎలాగూ తెలిసిన విషయమే. ఈ రకం తప్పును ఎంత ఆలస్యంగా గమనించినా సరిచేసిన ప్రతి పంపడమే మంచిది. ఒక్క అక్షరం తప్పుకు వర్తించే కాలపరిమితి దీనికి వర్తించదు.

ఇక గుర్తుల విషయం. అక్షరంపై ఉండే గుర్తును వదిలివేసి `Müller` బదులు `Muller` అని రాసినవారు దానికోసం విడిగా క్షమాపణ పంపనవసరం లేదని నా అభిప్రాయం. తరువాతి ఉత్తరంలో గుర్తుతో సహా సరిగా రాస్తే చాలు. అలాగే సంబోధనలో స్త్రీపురుష భేదం కూడా తప్పి ఉంటే, దాన్ని విడదీసి చెప్పకుండా "మీ పేరును, సంబోధనను తప్పుగా రాశాను" అన్న ఒకే వాక్యంలో కలపాలి.

పోర్టల్ ద్వారా పంపినప్పుడు

సంస్థ దరఖాస్తుల పోర్టల్‌లో ఎక్కించిన ఉత్తరం సంగతి వేరు. దానిని మొదట తెరిచేది తరచుగా మేనేజర్ కాదు. నియామక విభాగంలోని వారు ముందు వడపోస్తారు, మేనేజర్ వద్దకు కొన్నే చేరతాయి, కొన్నిచోట్ల కవర్ లెటర్‌ను తెరవకుండా రెజ్యూమె ఒక్కటే చూస్తారు. కాబట్టి తప్పును ఆ మేనేజర్ చూశారో లేదో అభ్యర్థికి తెలియదు. ఇక్కడ చేయవలసిన మొదటి పని పోర్టల్‌లో లాగిన్ అయి, పత్రాన్ని మార్చే సదుపాయం ఉందేమో చూడడం. ఉంటే నిశ్శబ్దంగా మార్చివేయడమే అన్నిటికంటే చక్కని పరిష్కారం, దానికి క్షమాపణ అవసరం లేదు.

మార్చే సదుపాయం లేనప్పుడు చాలామందికి దరఖాస్తును ఉపసంహరించుకుని మళ్ళీ పంపాలన్న ఆలోచన వస్తుంది. నేను దీనిని సిఫారసు చేయను. కొన్ని పోర్టళ్ళు అదే ఉద్యోగానికి రెండోసారి దరఖాస్తు చేయనివ్వవు. గడువు దాటితే దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఉపసంహరించుకున్న గుర్తు నియామక విభాగానికి కనిపిస్తుంది. ఒక్క అక్షరం కోసం దరఖాస్తునే పణంగా పెట్టడం సరికాదు. గడువు ఇంకా చాలా దూరం ఉండి, మళ్ళీ పంపవచ్చని పోర్టల్ నిబంధనలలో స్పష్టంగా రాసి ఉంటేనే, అదీ పేరే మారిపోయిన పెద్ద తప్పు జరిగినప్పుడే, ఆ దారి గురించి ఆలోచించాలి.

పోర్టల్‌లో పంపి, మేనేజర్ చిరునామాను వేరేచోట వెతికి పట్టుకుని క్షమాపణ పంపడం కూడా మంచిది కాదు. సంస్థ చూపిన దారిని దాటి వ్యక్తిగతంగా చేరడం అవుతుంది, పైగా మేనేజర్ ఆ ఉత్తరాన్ని ఇంకా చూడకపోతే, ఏ తప్పు గురించి చెబుతున్నారో అర్థం కాని ఒక క్షమాపణ ఆయనకు ముందుగా అందుతుంది. ఈ సందర్భంలో మూడో దారి, అంటే తరువాతి సహజమైన ఉత్తరప్రత్యుత్తరం వరకు ఆగడమే ఉత్తమం.

మధ్యలో రిక్రూటర్ ఉన్నప్పుడు

కవర్ లెటర్ రిక్రూటర్ చేతి ద్వారా వెళ్ళినట్టయితే క్షమాపణ రాయవలసింది రిక్రూటర్‌కే. ఆ ఉత్తరం మేనేజర్‌కు చేరిందో లేదో తెలిసినవారు, చేరకముందే ప్రతిని మార్చగలిగినవారు వారే. "నేను పంపిన కవర్ లెటర్‌లో మేనేజర్ ఇంటిపేరు తప్పుగా ఉంది. సరిచేసిన ప్రతిని జతచేస్తున్నాను. మొదటిదాన్ని ఇంకా పంపకపోతే దీనిని పంపగలరు" అని రాస్తే చాలు. ఇది త్వరగా చేయవలసిన పని, ఈమెయిల్‌కు జవాబు రాకపోతే ఫోన్ చేసి చెప్పడంలో తప్పు లేదు. అప్పటికే పంపివేశామని రిక్రూటర్ చెబితే, మేనేజర్‌కు విడిగా రాయాలా వద్దా అన్నది వారినే అడగాలి. వారి మాటను కాదని నేరుగా రాయకూడదు.

ఆగి చెప్పడం, అసలు చెప్పకపోవడం

మూడో దారి ఎంచుకున్నవారికి ఆ సహజమైన సందర్భం సాధారణంగా ఇంటర్వ్యూ ఆహ్వానానికి రాసే జవాబు. ఆ జవాబులో ముందుగా రావలసింది తేదీ, సమయం అంగీకరించే మాట. క్షమాపణ ఆ తరువాత, ఒకే వాక్యంలో ఉండాలి:

> మంగళవారం ఉదయం 11 గంటలకు ఇంటర్వ్యూకు హాజరవుతాను. నా కవర్ లెటర్‌లో మీ ఇంటిపేరును తప్పుగా రాసినందుకు క్షమించండి.

ఆహ్వానం మేనేజర్ నుంచి కాక నియామక విభాగం నుంచి వస్తే, ఈ వాక్యాన్ని అందులో రాయకూడదు. అప్పుడు ఇంటర్వ్యూలో ముఖాముఖి చెప్పాలా అన్న ప్రశ్న వస్తుంది. నా సలహా: మేనేజర్ స్వయంగా ప్రస్తావిస్తే "అవునండీ, అది నా పొరపాటు, క్షమించండి" అని ఒక్క మాట చెప్పి ఆగాలి, ప్రస్తావించకపోతే అక్కడ ఎత్తవద్దు. ఇంటర్వ్యూ మొదటి నిమిషాలలో అభ్యర్థి తన తప్పుతో మాట మొదలుపెడితే, ఇద్దరూ దాన్ని దాటి మామూలు సంభాషణలోకి రావడానికి సమయం పడుతుంది. చెప్పి తీరాలనిపిస్తే, ఇంటర్వ్యూ తరువాత మేనేజర్‌కు పంపే కృతజ్ఞతల ఈమెయిల్‌లో చివరి వాక్యంగా చేర్చవచ్చు. ఆ ఈమెయిల్‌లో పేరు సరిగా ఉండడమే అసలు సవరణ.

మేనేజర్ ముందే జవాబిచ్చి, తప్పు గురించి ఏమీ అనకపోతే అది క్షమాపణ వద్దన్న సంకేతం కాదు. అయితే ఆ జవాబు కింద సంతకం ఉంటుంది కనుక, సరైన రూపం అక్కడే దొరుకుతుంది. దానికి రాసే జవాబే క్షమాపణకు అనువైన చోటు. కొందరు మేనేజర్లు తమ పేరును పూర్తిగా, మామూలుకంటే స్పష్టంగా రాసి సంతకం చేయడం ద్వారా తప్పును సున్నితంగా తెలియజేస్తారు. ఆ తరువాత కూడా పాత రూపమే రాస్తే మొదటి తప్పు పొరపాటన్న నమ్మకం పోతుంది.

నాలుగో దారి, అంటే అసలు ప్రస్తావించకపోవడం, మూడు చోట్ల సరైనది. ఒక్క అక్షరం తప్పు అయి, పంపి వారం దాటి, ఇంతవరకు ఏ జవాబూ రాకపోతే ఊరుకోవడమే మంచిది. ఆ వ్యక్తి మరచిపోయిన లేదా గమనించని విషయాన్ని మళ్ళీ గుర్తుచేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. పోర్టల్‌లో పత్రాన్ని మార్చగలిగినప్పుడు ఊరుకోవాలి. తప్పు ఉత్తరంలో కాకుండా అభ్యర్థి సొంత కంప్యూటర్‌లోని ఫైలు పేరులోనే ఉండి, పంపిన ఫైలుకు వేరే పేరు ఉంటే చెప్పవలసినదేమీ లేదు. పేరే మారిపోయినప్పుడు, ఉద్యోగమే అక్షరాల ఖచ్చితత్వంపై ఆధారపడినప్పుడు, మేనేజర్‌తో అప్పటికే వ్యక్తిగతంగా ఉత్తరాలు నడిచినప్పుడు మాత్రం ఊరుకోవడం తప్పించుకోవడంగా కనిపిస్తుంది. ముఖ్యంగా ఈ చివరి సందర్భంలో, తన పేరును రెండు మూడుసార్లు సరిగా చూపిన మనిషికి తప్పుగా తిరిగి రాశాం కనుక, ఆ మనిషికి క్షమాపణ దక్కాలి.

క్షమాపణ పంపిన తరువాత జవాబు రాకపోతే, అది అందిందా అని అడుగుతూ మరో ఈమెయిల్ రాయవద్దు. దరఖాస్తు స్థితి తెలుసుకోవడానికి ప్రకటనలో చెప్పిన వ్యవధి గడిచాక, అలాంటి వ్యవధి లేకపోతే ఒకటి రెండు వారాల తరువాత, మామూలుగా రాసే ఉత్తరం ఒకటి ఉంటుంది. దానిని అదే వరుసలో, కాపీ చేసి అతికించిన సరైన ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఉద్యోగం గురించి మాత్రమే అడగాలి.